హోటల్ కిచెన్‌కి డక్ట్ పెట్టుకోవాలంటే ఓనర్‌కి ఏం రాయాలి

అద్దె మడిగెలో చిన్న హోటల్ నడిపేవాళ్లు బిల్డింగ్ ఓనర్‌కి ఇచ్చే ఉత్తరం చాలాసార్లు ఒకే వాక్యంలో అయిపోతుంది: "సార్, కిచెన్‌లో పొగ బాగా ఉంటోంది, ఎగ్జాస్ట్ పెట్టుకోవడానికి పర్మిషన్ ఇవ్వగలరు." దీనికి వచ్చే జవాబులు రెండే. ఒకటి, "పెట్టుకోండి, దానికి నన్నడగడం దేనికి" అనడం. ఆయన మనసులో ఉన్నది గోడకి బిగించే ఫ్యాన్. పదిహేను రోజుల తర్వాత నేల నుంచి టెర్రస్ దాకా ఎక్కుతున్న రేకు గొట్టాన్ని చూసి పని ఆపించేస్తారు. రెండోది, ఏమీ వినకుండానే వద్దనేయడం. రెంటికీ కారణం ఒకటే, అడుగుతున్నది ఏమిటో ఉత్తరంలో లేదు. ఓనర్ దగ్గర మీకు కావాల్సింది ఒక మెషిన్‌కి అనుమతి కాదు, ఆయన గోడ మీదుగా, ఆయన టెర్రస్ దాకా ఒక దారి. ఆ దారి గురించి రాయాలంటే ముందు ఆ పని ఎలా ఉంటుందో మనకే తెలిసి ఉండాలి.

ఒక కేసు తీసుకుని చూద్దాం. హైదరాబాద్‌లో ఒక కాలనీ రోడ్డు, గ్రౌండ్ ప్లస్ మూడు అంతస్తుల ఇల్లు. కింద రెండు షట్టర్లు కలిపి హోటల్, ముందు హాలు, వెనక 14 అడుగులకు 10 అడుగుల కిచెన్. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం మీల్స్, సాయంత్రం నుంచి ఫ్రైడ్ రైస్, నూడుల్స్, చికెన్ ఫ్రై. మొదటి అంతస్తులో ఓనర్ కుటుంబం, పైన రెండు వాటాలు అద్దెకి. కిచెన్ పక్కన ప్రహరీకి, గోడకి మధ్య 5 అడుగుల ఖాళీ. ఇలాంటి హోటళ్లు మన ఊళ్లలో వీధికి రెండుంటాయి, అందుకే దీన్ని తీసుకున్నాను.

ముందు గోడ ఫ్యాన్ సంగతి. ఇడ్లీ, అన్నం ఉడికే ఆవిరి పెద్ద సమస్య కాదు, కిటికీలోంచి పోతుంది, పోకపోయినా ఆరిపోతుంది. పెద్ద మంట మీద కడాయిలో నూనె కాగినప్పుడు లేచేది వేరు. అందులో కంటికి కనిపించనంత చిన్న నూనె తుంపరలు ఉంటాయి, చల్లటి గోడ తగలగానే అక్కడే అంటుకుంటాయి, వాటి మీద దుమ్ము చేరి జిగురు పొరలా పేరుకుంటుంది. ఏ ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ వెనక్కి వెళ్లి చూసినా ఫ్యాన్ కింద గోడ మీద గోధుమరంగు చారలు కారి ఉంటాయి, వేలితో తాకితే అతుక్కుంటుంది. ఫ్యాన్ పొగని బయటికైతే నెడుతుంది కానీ అది నెట్టేది సరిగ్గా మొదటి అంతస్తు కిటికీ కిందికి, అంటే ఓనర్ గారి పడకగదిలోకి. పోనీ ఆ ఫ్యాన్‌కే గొట్టం తగిలించి పైకి తీసుకెళ్దామంటే కుదరదు. రెక్కల ఫ్యాన్ అడ్డు లేని చోట గాలి బాగా తోస్తుంది, ముందు ఫిల్టరు, వెనక మూడంతస్తుల గొట్టం పెడితే ఆ అడ్డుని తట్టుకునే శక్తి దానికి ఉండదు, తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. అందుకే గుండ్రటి డబ్బాలో తిరిగే సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ కావాలి.

ఇక్కడే చాలామంది ఓనర్లు ఒక సలహా ఇస్తారు: "అంత పెద్ద గొట్టం ఎందుకండీ, వెనక ఓటీఎస్ ఉందిగా, అందులోకి వదిలెయ్యండి." బిల్డింగ్ మధ్యలో వెలుతురు కోసం, బాత్రూమ్ పైపుల కోసం వదిలే ఆ ఖాళీ పైకి తెరిచే ఉంటుంది కాబట్టి పొగ తనంతట తనే పోతుందని వాళ్ల నమ్మకం. పోదు. నాలుగు వైపులా గోడలు మూసుకుని ఉండటంతో అక్కడ గాలి సరిగ్గా కదలదు, పైగా ప్రతి అంతస్తులో బాత్రూమ్ వెంటిలేటర్లు, వంటింటి కిటికీలు అందులోకే తెరుచుకుంటాయి. పై వాటాల వాళ్లు ఎగ్జాస్ట్ వేసుకున్నప్పుడల్లా మీ చికెన్ ఫ్రై వాసనని వాళ్ల ఇంట్లోకి వాళ్లే లాక్కుంటారు. ఏడాది తిరిగేసరికి ఓటీఎస్ గోడలు నూనె పట్టిపోతాయి, అక్కడ కడగడానికి మనిషి దిగే వీలు కూడా ఉండదు, నిప్పు అంటుకుంటే ఆ ఖాళీయే పొగగొట్టమై మంటని పై అంతస్తులకి చేరుస్తుంది. కాబట్టి ఉత్తరంలో "ఓటీఎస్‌లోకి వదలం" అని మనమే ముందు రాసేయడం మంచిది. ఆ ఒక్క వాక్యం చదివితే చాలు, ఇతనికి పని తెలుసన్న నమ్మకం ఓనర్‌కి కలుగుతుంది.

ఇప్పుడు లెక్క. పొయ్యిల వరస పొడవు 7 అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు అనుకుందాం. పైన కట్టే హుడ్ పొయ్యి అంచుల కంటే ప్రతి పక్కా కనీసం అర అడుగు బయటికి రావాలి, లేకపోతే పొగ పక్కనుంచి తప్పించుకుంటుంది. అంటే 8 అడుగులకు మూడున్నర అడుగుల హుడ్, నేల నుంచి ఆరున్నర అడుగుల ఎత్తులో. దాని వైశాల్యం 28 చదరపు అడుగులు. హుడ్ నోటి దగ్గర గాలి నిమిషానికి 100 అడుగుల వేగంతో లోపలికి లాగాలన్నది పనివాళ్లు వాడే మామూలు లెక్క, కాబట్టి నిమిషానికి 2800 ఘనపుటడుగుల గాలి, అంటే 2800 సీఎఫ్‌ఎం. డక్ట్‌లో ఈ గాలి నిమిషానికి 1500 అడుగుల వేగంతో పోవాలనుకుంటే గొట్టం 18 అంగుళాలకు 15 అంగుళాలు ఉంటే సరిపోతుంది. వేగం మరీ తగ్గితే నూనె దారిలోనే దిగిపోతుంది, మరీ పెరిగితే చప్పుడు. ఫిల్టర్లు, మలుపులు, గొట్టం పొడవు కలిపి అడ్డు, గాలి ఒత్తిడి కొలతలో చెప్పాలంటే, సుమారు ఒకటిన్నర అంగుళాల నీటిమట్టం వస్తుంది, దానికి 2 హెచ్‌పీ మోటారు చాలు. ఈ అంకెలన్నీ ఓనర్‌కి అక్కర్లేదు. గొట్టం సైజు, మోటారు సైజు మాత్రం ఉత్తరంలో ఉండాలి, ఎందుకంటే తర్వాత గొడవ వచ్చేది "ఇంత పెద్దది అనుకోలేదు" అన్న మాట దగ్గరే.

అంతకంటే ముఖ్యమైనది బ్లోయర్ ఎక్కడ పెడతామన్నది. ఖర్చు తగ్గుతుందని, రిపేరుకి అందుబాటులో ఉంటుందని కొందరు కాంట్రాక్టర్లు దాన్ని కిచెన్ గోడకే, హుడ్ పక్కనే బిగిస్తారు. అప్పుడు బ్లోయర్ పొగని పైకి తోస్తుంది, డక్ట్ పొడవునా లోపలి ఒత్తిడి బయటికంటే ఎక్కువ ఉంటుంది, అతుకుల్లో వెంట్రుకవాసి సందు ఉన్నా వాసన, నూనె అక్కడి నుంచి బయటికి చిమ్ముతాయి, అది కూడా సరిగ్గా పై వాటాల కిటికీల పక్కన. అదే బ్లోయర్‌ని టెర్రస్ మీద, డక్ట్ చివర పెడితే మొత్తం గొట్టం లాగుడులో ఉంటుంది, సందు ఉంటే బయటి గాలి లోపలికి పోతుందే తప్ప లోపలి పొగ బయటికి రాదు. కుటుంబంతో పైన ఉండే ఓనర్‌కి ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదు. కానీ నేను చూసిన ఉత్తరాల్లో ఇది దాదాపు ఎక్కడా ఉండదు. అలాగే పొగ బయటికి వదిలే నోరు నిటారుగా పైకి ఉండాలి. వాన పడకుండా పైన టోపీ పెట్టిస్తే పొగ దానికి తగిలి మళ్లీ టెర్రస్ మీదికే దిగుతుంది, అక్కడ ఆరేసిన బట్టలకి పడుతుంది. వాన నీటికి అడుగున చిన్న రంధ్రం పెట్టి బయటికి తీస్తే సరిపోతుంది. వంటగది డక్ట్‌ల విషయంలో చాలామంది అనుసరించే అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రకారం ఈ నోరు పక్క ఇళ్లకీ, కిటికీలకీ, స్థలం హద్దుకీ కనీసం 10 అడుగుల దూరం ఉండాలి, కప్పు కంటే 40 అంగుళాలు పైకి ఉండాలి. మన ఇరుకు ప్లాట్లలో ఆ 10 అడుగులు దొరకాలంటే డక్ట్ టెర్రస్ చేరాక కొంచెం లోపలికి తిప్పుకోవాలి. ఉత్తరంతో ఇచ్చే స్కెచ్‌లో ఆ మలుపు కనిపించాలి.

తర్వాత బరువు. ఓనర్ నోటితో అడగరు కానీ ఆయన మొదటి భయం ఇదే. 18 గేజ్ జీఐ రేకుతో ఆ సైజు డక్ట్ అడుగుకి 5 కిలోల దాకా తూగుతుంది, 45 అడుగుల ఎత్తుకి 225 కిలోలు, ఫ్లాంజులు, యాంగిళ్లు కలిపితే 300 కిలోలు అనుకోవచ్చు. వినడానికి పెద్దదే. కానీ ప్రతి అంతస్తు దగ్గర ఒక సపోర్టు వేస్తే ఒక్కో చోట పడేది 70, 80 కిలోలు. ఆ బోల్టులు ఎక్కడ దిగుతున్నాయన్నదే అసలు విషయం. ఇటుక గోడలో, ముఖ్యంగా నాలుగున్నర అంగుళాల గోడలో, యాంకర్ బోల్టు నిలవదు, మోటారు అదురుకి నెమ్మదిగా వదులై ప్లాస్టరుతో సహా ఊడుతుంది. శ్లాబు అంచున ఉండే కాంక్రీట్ బీమ్‌లోకే దింపాలి. కిచెన్ గోడకి పెట్టే కన్నం మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది ఇటుకలోనే ఉండాలి, బీమ్‌కి కానీ పిల్లర్‌కి కానీ డ్రిల్లు తగలకూడదు, కన్నం పైన చిన్న లింటెల్ వెయ్యాలి. టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ పొరలోకి బోల్టు దింపితే వచ్చే వానాకాలానికి మూడో అంతస్తు సీలింగ్ మీద తడి మరక కనిపిస్తుంది, ఇక మీ డిపాజిట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. పొర మీద దిమ్మెలు పోసి, ఇనుప ఫ్రేమ్ కూర్చోబెట్టి, రబ్బరు ప్యాడ్ల మీద బ్లోయర్ పెట్టాలి. అదీ పడకగది నడినెత్తిన కాకుండా కింద బీమ్ వెళ్లే చోట చూసుకుని.

చప్పుడు గురించి మాటల్లో "ఏమీ రాదు" అని రాయకండి, వస్తుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబుల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 పరిమితి. వాణిజ్య ప్రాంతంలో అవి 65, 55. హోటల్ రాత్రి 11కి కట్టేస్తే ఆ చివరి గంటకి రాత్రి పరిమితే వర్తిస్తుంది. అందుకే కాస్త పెద్ద బ్లోయర్ తీసుకుని తక్కువ ఆర్‌పీఎమ్ మీద తిప్పడం, డక్ట్‌కీ బ్లోయర్‌కీ మధ్య కాన్వాస్ ముక్క పెట్టి అదురు ఇనుములోకి పాకకుండా చూడటం ముందే రాసుకోవాలి.

ఇక చట్టం వైపు. ఆస్తి బదిలీ చట్టం, 1882లో 108వ సెక్షన్ అద్దెదారు హక్కులు, బాధ్యతలు చెబుతుంది. వ్యవసాయ అవసరానికి తప్ప, ఓనర్ అనుమతి లేకుండా శాశ్వత నిర్మాణం ఏదీ కట్టకూడదని అందులో ఉంది. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది, తాను బిగించుకున్నవాటిని అద్దెదారు తీసుకుపోవచ్చు, కానీ ఆస్తిని తీసుకున్నప్పటి స్థితిలోనే వదలాలి. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది కాబట్టి ముందు మీ అగ్రిమెంట్ తీసి చదవండి. బోల్టులతో బిగించి, విప్పి తీసుకెళ్లే డక్ట్ శాశ్వత నిర్మాణమా కాదా అని వాదించుకోవచ్చు, అయితే ఆ వాదన కోర్టులో చేసే కంటే ఇప్పుడు ఒక సంతకం తీసుకోవడం చవక. నోటిమాట సరిపోదా అంటే, ఈ ఓనర్ ఉన్నంతకాలం సరిపోవచ్చు. ఇల్లు అమ్మితే, లేక కొడుకులు పంచుకుంటే, కొత్తగా వచ్చినవాళ్లకి కనిపించేది గోడకి కన్నం పెట్టిన అద్దెదారు మాత్రమే. సంతకం పెట్టేవాళ్లు నిజంగా ఓనరేనా అన్నదీ చూసుకోవాలి, అద్దె తీసుకునేది ఆయనే అయినా ఇల్లు భార్య పేరునో, అన్నదమ్ముల ఉమ్మడిగానో ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ కింద మడిగె అయితే బయటి గోడ, టెర్రస్ అందరి ఉమ్మడివి, ఒక్క ఓనర్ సంతకం చాలదు, అసోసియేషన్ ఒప్పుకోవాలి.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఈ కేసులో కొటేషన్ రెండున్నర లక్షలు అనుకుంటే, చేతిలో ఉన్నది 11 నెలల అగ్రిమెంట్ అయితే ఆ ఖర్చు పెట్టడం నా లెక్కలో తప్పు. హుడ్, బ్లోయర్ రేపు ఇంకోచోటికి పనికొస్తాయి, డక్ట్ మాత్రం ఆ గోడ కొలతలకి చేసిందే, విప్పితే చాలా వరకు తుక్కు కింద పోతుంది. అందుకే అదే ఉత్తరంలో కనీసం మూడేళ్ల అద్దె కాలం కూడా అడగాలి, ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి.

ఇన్ని రాస్తే ఉత్తరం చాంతాడంత అవుతుందేమో అనిపిస్తుంది, కాదు. ఈ కేసుకి నేనైతే ఇలా రాస్తాను:

"గౌరవనీయులైన ఓనర్ గారికి నమస్కారం. మీ బిల్డింగ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో మేము నడుపుతున్న హోటల్ కిచెన్ పొగ మీ ఇంటికీ, పై వాటాలకీ ఇబ్బంది అవుతోందని మాకు తెలుసు. గోడ ఫ్యాన్ తీసేసి, పొగని టెర్రస్ పైకి తీసుకెళ్లే డక్ట్ పెట్టుకోవడానికి మీ రాతపూర్వక అనుమతి కోరుతున్నాం.

డక్ట్ సైజు 18 అంగుళాలకు 15 అంగుళాలు. కిచెన్ తూర్పు గోడలో బీమ్ కింద ఇటుక భాగంలో ఒకే ఒక్క కన్నం పెట్టి, ప్రహరీ వైపు ఖాళీలో కిటికీలకి అడ్డు రాకుండా పైకి తీసుకెళ్తాం. పక్కవాళ్ల స్థలంలోకి ఏ భాగమూ రాదు. ఓటీఎస్‌లోకి పొగ వదలం. 2 హెచ్‌పీ బ్లోయర్ టెర్రస్ మీద దిమ్మెలపై రబ్బరు ప్యాడ్లతో పెడతాం, టెర్రస్‌కి రంధ్రాలు పెట్టం. కరెంటు మా మీటర్ నుంచే తీసుకుంటాం. రాత్రి 11 తర్వాత బ్లోయర్ నడపం.

ఖర్చంతా మాదే, అద్దెలో తగ్గించమని అడగం. ఫిల్టర్లు వారానికోసారి, డక్ట్ లోపల మూడు నెలలకోసారి శుభ్రం చేయించి తేదీలు రాసిన పుస్తకం మీకు చూపిస్తాం. దానికోసం, రిపేర్ల కోసం ముందుగా చెప్పి టెర్రస్ మీదికి రావడానికి మీ అనుమతి కావాలి. ఈ పని వల్ల గోడకి, టెర్రస్‌కి నష్టం జరిగితే మేమే బాగుచేయిస్తాం. ఖాళీ చేసే రోజు డక్ట్, బ్లోయర్, హుడ్ మావి కాబట్టి తీసుకెళ్తాం, కన్నం ఇటుకతో మూసి, ప్లాస్టర్ చేసి, రంగు వేయించి ఇస్తాం. మీరు ఉంచమంటే అప్పుడు ధర మాట్లాడుకుందాం.

ఈ ఖర్చు పెడుతున్నాం కాబట్టి అద్దె కాలం మూడేళ్లకి రాసుకుందామని మనవి. స్కెచ్, గోడ ఫోటోలు, కాంట్రాక్టర్ కొటేషన్ జతచేశాం. మీకు సమ్మతమైతే రెండో కాపీ మీద సంతకం, తేదీ వేసి ఇవ్వగలరు."

ఇక రెండు విషయాలకి కాస్త వివరం కావాలి. మూడు నెలలకోసారి అన్నది ఊరికే వేసింది కాదు, పెద్ద మంట మీద వేపుళ్లు ఎక్కువగా చేసే కిచెన్లకి ఎన్‌ఎఫ్‌పీఏ 96 చెప్పే తనిఖీ గడువు అదే. బొగ్గు, కట్టెల మీద తందూరీ చేస్తే నెలకోసారి. డక్ట్ లోపల నూనె పొర మందమయ్యాక పొయ్యి మీది మంట ఒకసారి ఫిల్టర్ దాటిందంటే ఆ పొరే ఇంధనమవుతుంది. అందుకే ప్రతి మలుపు దగ్గరా చెయ్యి పట్టేంత తలుపు పెట్టించాలి. తలుపులు లేని డక్ట్‌ని శుభ్రం చేశామని ఎవరైనా బిల్లు ఇస్తే నమ్మొద్దు. అతుకుల కింద గోడ మీద నూనె చుక్కల జాడ కనిపించిందంటే లోపల నూనె నిలుస్తోందని అర్థం.

రెండోది ఉత్తరంలో లేనిది, కాంట్రాక్టర్‌తో తేల్చుకోవాల్సింది. 14 అడుగులకు 10 అడుగుల కిచెన్, 10 అడుగుల ఎత్తు అంటే 1400 ఘనపుటడుగులు. నిమిషానికి 2800 లాగితే ఆ గది గాలి నిమిషానికి రెండుసార్లు ఖాళీ అవుతుంది. ఆ గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి కదా. దారి ఇవ్వకపోతే హాల్లో ఏసీ గాలంతా కిచెన్‌లోకి పోతుంది, కిచెన్ తలుపు తియ్యాలంటే బలంగా లాగాల్సి వస్తుంది, పొయ్యి మంట ఒక పక్కకి వాలుతుంది, హుడ్ కింద పొగ మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు అందరూ బ్లోయర్ చిన్నదయిందంటారు, ఇంకా పెద్దది పెట్టిస్తే మరింత పాడవుతుంది. వెనక తలుపు తెరిచి చూడండి, పొగ వెంటనే లాగిందంటే తప్పు బ్లోయర్‌ది కాదు, గాలి రావడానికి దారి లేదు. తీసేసే పాత ఫ్యాన్ కన్నంలోనే వల, ఫిల్టరు పెట్టిన చిన్న ఫ్యాన్‌ని లోపలికి ఊదేట్టు బిగిస్తే గోడకి ఇంకో కన్నం అడగాల్సిన పని ఉండదు. ఒక జాగ్రత్త, హుడ్ ఉంది కదా అని గ్యాస్ లీకేజీ సంగతి మరచిపోకూడదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, ఆరున్నర అడుగుల ఎత్తున్న హుడ్ దాన్ని లాగుతుందని నమ్ముకోలేం, దానికి నేల మట్టంలో గాలి పోయే దారి వేరేగా ఉండాలి.

ఉత్తరం ఇచ్చాక ఓనర్ ఏమీ అనకపోతే అది ఒప్పుకోలు కాదు, సంతకం లేకుండా పని మొదలుపెట్టకండి. టెర్రస్ ఇవ్వను పొమ్మంటే మిగిలిన దారి ఎలక్ట్రోస్టాటిక్ ఫిల్టర్, దాన్నే ఈఎస్పీ అంటారు. కరెంటు చార్జితో నూనె తుంపరల్ని పలకలకి అంటించుకునే పెట్టె అది, పొగని చాలావరకు పట్టేస్తుంది. వాసనని పట్టదు, దానికి వెనక కార్బన్ ఫిల్టర్ కావాలి. పలకలు కడగడం ఆలస్యమైతే కొన్నాళ్లకే పనిచెయ్యడం మానేస్తుంది. వేడి కూడా అలాగే కింది అంతస్తు ఎత్తులోనే బయటికొస్తుంది. టిఫిన్లు, మీల్స్ వరకైతే దాంతో నెట్టుకురావచ్చు. సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్ నడపాలంటే మాత్రం టెర్రస్ ఇచ్చే మడిగె వెతుక్కోవడమే నయం.